టేపు ఎరగని బొమ్మ

మా యూనిట్‌లో కుర్తీల కటింగ్ చూసే మాస్టర్ గారికి ఒకరోజు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాను. మేము కుట్టిన నీలిరంగు కాటన్ కుర్తీ అది. కొన్నావిడ ఆన్‌లైన్ దుకాణంలో తన ఫొటో ఎక్కించి, వర్చువల్ ట్రై-ఆన్ నొక్కి, అది తన ఒంటి మీద ఎలా ఉంటుందో చూసుకున్నారు. నచ్చి తెప్పించుకున్నారు. తొడుక్కున్నాక తిప్పి పంపేస్తూ, ఆ బొమ్మను కూడా మాకు పంపారు. బొమ్మలో కుర్తీ భుజం దగ్గర కుదురుగా కూర్చుంది, నడుము దగ్గర ఒదిగింది, కింది దాకా నిలువుగా జారింది. మాస్టర్ గారు చాలాసేపు చూశారు. "బాగానే ఉంది సార్. ఇది ఏ సైజు?" అన్నారు. ఎల్ అని చెప్పాను. "మరి ఎక్స్‌ఎల్ వేస్తే ఎట్లుంటదో చూపించండి" అన్నారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ పేజీలో ఏ సైజు నొక్కినా అదే బొమ్మ వస్తుంది.

ఆన్‌లైన్‌లో బట్టలమ్మే వాళ్ళ మధ్య ఇప్పుడు ఒక నమ్మకం గట్టిగా పాతుకుంది. కొనేవాళ్ళ ఫొటో మీదే బట్ట వేసి చూపించగలుగుతున్నాం కాబట్టి సైజు బెడద తీరిపోతుందని, రిటర్నులు వాటంతటవే తగ్గుతాయని, ట్రయల్ రూమ్ చేసే పనిని ఇక ఫొటో చేస్తుందని అంటున్నారు. ఇంకా కొన్ని లోపాలుంటే అవి వేళ్ళు వంకరగా రావడం, ప్రింటు చెదరడం లాంటివేనట. మోడళ్ళు పెద్దవై, డేటా పెరిగితే అవీ పోతాయట. ఈ వాదనలో మొదటి మాటే తప్పని నేనంటాను. ఈ బొమ్మలు సైజు చెప్పలేకపోవడానికి కారణం వాటి పనితనం చాలకపోవడం కాదు. వాటికి సైజు అనే సంగతిని ఎవరూ ఏనాడూ నేర్పలేదు.

నేర్పిన పద్ధతి చూస్తే విషయం తెలిసిపోతుంది. 2017లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విటాన్ అనే పద్ధతిని ప్రకటించారు. ఫొటోల ఆధారంగా నడిచే ట్రై-ఆన్‌కు ఒక రకంగా అదే దారి వేసింది. దానికోసం వాళ్ళు సుమారు 16 వేల జతల ఫొటోలు పోగేశారు. ఒక్కో జతలో ఒకటి బట్ట ఒంటరిగా ఉన్న ఫొటో, ఇంకొకటి అదే బట్టను మోడల్ వేసుకున్న ఫొటో. అన్నీ ఆడవాళ్ళ పై దుస్తులే. మోడల్ ఫొటోలో బట్ట ఉన్న భాగాన్ని చెరిపేస్తారు. బట్ట ఫొటోను ఇచ్చి, చెరిపిన చోటును మళ్ళీ నింపమంటారు. యంత్రం నింపినదాన్ని అసలు ఫొటోతో పోల్చి తప్పులు దిద్దుతారు. తర్వాత 2021లో అదే తరహాలో ఇంకా స్పష్టమైన ఫొటోలతో విటాన్-హెచ్‌డీ వచ్చింది. మొదట్లో బట్ట ఫొటోను రబ్బరు షీటులా సాగదీసి ఒంటి మీద అతికించేవారు. ఇప్పుడు డిఫ్యూజన్ పద్ధతిలో బట్టనంతా కొత్తగా గీసేస్తున్నారు. దాంతో ముడతలు, నీడలు అచ్చం నిజంలా వస్తున్నాయి. అయినా నేర్పే పాఠం మారలేదు. ఇప్పటికీ ఎక్కువగా చెరిపి నింపించడమే.

ఆ జతల్లో లేనిదేమిటో గమనించండి. బట్ట సరిగ్గా కుదరని మనిషి ఫొటో అందులో లేదు. కేటలాగు కోసం ఫొటో తీసేటప్పుడు మోడల్‌కు సరిపోయే సైజే తొడుగుతారు. అది కూడా చాలక వెనక సర్దుతారు. నేను నిలబడి చూసిన ప్రతి షూట్‌లోనూ మోడల్ వీపు వెనక పిన్నులో, బట్టలారేసే క్లిప్పులో ఉండేవి. నడుము దగ్గర వదులుగా ఉన్న గుడ్డను వెనక్కి లాగి పట్టేస్తే, ముందునుంచి చూసేవాళ్ళకు కుర్తీ ఒంటికి కొలిచి కుట్టినట్టు కనపడుతుంది. పరిశోధకులు వాడిన ప్రతి ఫొటోకూ పిన్ను ఉందని నేను చెప్పలేను. కానీ అమ్మకానికి తీసిన ఫొటోలతో నేర్చిన యంత్రానికి బట్ట అంటే అలా ఒదిగేదే. చంక దగ్గర బిగుసుకుని అడ్డంగా గీతలు పడటం, భుజం కుట్టు అంగుళం కిందికి జారడం, బొత్తాల మధ్య నోరు తెరుచుకోవడం, ఇవి దాని అనుభవంలో దాదాపు లేవు. కాబట్టి ఎవరి ఫొటో ఇచ్చినా అది బట్టను ఆ ఒంటికి ఒదిగించే గీస్తుంది. మన అద్దం ముందు మనం ముందుగా వెతికేవే అది గీయదు.

పరీక్ష పెట్టే తీరు ఈ తప్పును ఇంకా ముదరబెడుతోంది. ఈ యంత్రాల గొప్పతనాన్ని రెండు రకాలుగా కొలుస్తారు. మొదటిదానిలో, మోడల్ వేసుకున్న బట్టనే మళ్ళీ ఆమె మీద గీయించి, అసలు ఫొటోకు ఎంత దగ్గరగా వచ్చిందో లెక్కేస్తారు. అసలు ఫొటోలో బట్ట కుదిరే ఉంది కాబట్టి కుదిరినట్టు గీసినవాడికే మార్కులు. రెండో రకంలో వేరే బట్ట వేయించి, వచ్చిన బొమ్మల గుంపు నిజం ఫొటోల గుంపును ఎంతగా పోలి ఉందో ఎఫ్‌ఐడీ అనే కొలతతో చూస్తారు. ఇక్కడ కూడా పోల్చేది కేటలాగు ఫొటోలతోనే. అంటే, రేపు ఎవరైనా నిజాయతీగా "ఈ కుర్తీ మీకు పిరుదుల దగ్గర పట్టేస్తుంది" అని చూపించే యంత్రం తయారు చేస్తే, ఈ పరీక్షలో దానికి మార్కులు తగ్గే అవకాశమే ఎక్కువ. తప్పును పట్టుకోవలసిన పరీక్షే తప్పుకు బహుమతి ఇస్తుంటే, ఏటేటా మార్కులు పెరగడం చూసి సైజు సమస్య తీరుతోందని ఎలా అనుకోగలం?

ఇప్పుడు తిరిగొచ్చిన ఆ కుర్తీ దగ్గరకు వద్దాం. సైజు ఎల్. చెస్ట్ 42 అంగుళాలు, హిప్ 43, పొడవు 46. పక్క స్లిట్ భుజం నుంచి 24 అంగుళాల కింద మొదలవుతుంది. సాగని మామూలు నేత కాటన్. కేటలాగులో వేసుకున్న మోడల్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. కొన్నావిడ ఎత్తు 5 అడుగులు, చెస్ట్ 38, హిప్ 43. ఈ అంకెలు ఆవిడే ఫోన్‌లో చెప్పారు.

చెస్ట్ దగ్గర చిక్కు లేదు. నాలుగు అంగుళాల లూజు ఉంది, సాగని గుడ్డకు అది హాయిగా సరిపోతుంది. గొడవంతా కింద ఉంది. మోడల్‌కు మెడ మొదలు దగ్గరి భుజం నుంచి పిరుదులు బాగా వెడల్పయ్యే చోటికి సుమారు 24 అంగుళాలు. అంటే సరిగ్గా స్లిట్ మొదలయ్యే చోటే ఆమె ఒళ్ళు వెడల్పవుతుంది. కుర్తీ అక్కడ విచ్చుకుని హాయిగా జారుతుంది. ఐదడుగుల మనిషికి అదే దూరం సుమారు 21 అంగుళాలు. అంటే ఆవిడ ఒంట్లో వెడల్పైన భాగం స్లిట్‌కు మూడు అంగుళాల పైనే, మూసి కుట్టిన భాగంలో పడింది. అక్కడ కుర్తీ చుట్టుకొలత 43, ఒంటి చుట్టుకొలత 43. లూజు సున్నా. నిలబడితే అడ్డంగా గీతలు పడతాయి. కూర్చుంటే పిరుదులు ఇంకా వెడల్పవుతాయి కాబట్టి కుర్తీ పైకి ఎగబాకి, నడుము దగ్గర గుడ్డ కుప్పగా చేరుతుంది. ఆవిడ రాసింది కూడా ఇదే. ఆఫీసులో రోజంతా కుర్తీ కిందికి లాక్కుంటూనే ఉన్నానని.

పొడవు కూడా అంతే. 46 అంగుళాల కుర్తీ 5 అడుగుల 8 అంగుళాల మోడల్‌కు పిక్క మధ్యలో, నేలకు సుమారు పన్నెండు అంగుళాల పైన ఆగుతుంది. ఐదడుగుల మనిషికి నేలకు ఆరు అంగుళాల దూరం దాకా దిగి, చీలమండకు కాస్త పైన ఆగుతుంది. బొమ్మలో మాత్రం ఆవిడకు కూడా పిక్క మధ్యలోనే ఆగింది. స్లిట్ పిరుదుల దగ్గరే మొదలైంది. గుడ్డ నిలువుగా జారింది. యంత్రం చూసింది దూరాలను కాదు, వాటాలను. మోడల్ ఒంట్లో ఏ భాగం దగ్గర ఏ అంచు ఉందో చూసి, ఈవిడ ఒంట్లో అదే భాగం దగ్గర అదే అంచు పెట్టింది. ఇంకోలా చెప్పాలంటే, ఆవిడ కోసం ఒక కొత్త కుర్తీ కుట్టి తొడిగింది. ఆ కుర్తీ మా గోడౌన్‌లో లేదు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. ఫొటోలు ఇంకా స్పష్టంగా వస్తే యంత్రం సూక్ష్మమైన తేడాలు కూడా చూస్తుందంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక సైజుకూ పై సైజుకూ చుట్టుకొలతలో సాధారణంగా రెండు అంగుళాల తేడా. ఒంటిని గుండ్రటి స్తంభమనుకుంటే, ముందునుంచి చూసేవారికి వెడల్పులో పెరిగేది సుమారు 16 మిల్లీమీటర్లే. అంటే ఒక్కో పక్క 8 మిల్లీమీటర్లు. విటాన్-హెచ్‌డీ ఫొటో నిలువు 1024 పిక్సెళ్ళు. అందులో తల నుంచి తొడల దాకా, దాదాపు మీటరు ఒళ్ళు పడుతుంది. ఒక పిక్సెల్‌కు సుమారు ఒక మిల్లీమీటరు. కాబట్టి ఎల్‌కూ ఎక్స్‌ఎల్‌కూ ఉన్న తేడా అంతా ఒక్కో పక్క ఎనిమిది పిక్సెళ్ళు. చేయి కాస్త పక్కకు పెట్టి నిలబడినా, ఊపిరి పీల్చినా అంతకంటే ఎక్కువ మారుతుంది. పోనీ పిక్సెళ్ళు పదింతలు చేయండి. ఆ ఫొటోలో ఉన్న మనిషి ఐదడుగులా, ఐదున్నరా అన్నది అప్పటికీ తెలియదు. ఒంటరిగా నిలబడిన మనిషి ఫొటోలో పొడవు ఉండదు, పోలిక మాత్రమే ఉంటుంది. పక్కన టేపు పెట్టనిదే అంగుళం రాదు. బట్ట ఫొటోలోనూ ఇదే కొరత. చదునుగా పరిచిన ఎస్ కుర్తీ, ఎక్స్‌ఎక్స్‌ఎల్ కుర్తీ ఫ్రేము నిండా పట్టేలా తీస్తే దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పైగా దుకాణాలు ఆరు సైజులకూ కలిపి ఒకే ఫొటో పెడతాయి.

2023 జూన్‌లో గూగుల్ తన షాపింగ్ విభాగంలో ఆడవాళ్ళ టాపులకు ట్రై-ఆన్ తెచ్చినప్పుడు, రకరకాల ఒంటి తీరున్న మోడళ్ళలో మనకు దగ్గరగా ఉన్నవారిని ఎంచుకునే వీలు ఇచ్చింది. సన్నని ఒక్క మోడల్‌నే చూపించే పాత అలవాటు కంటే ఇది ఎంతో మేలు, ఒప్పుకుంటాను. కానీ ఒకే బట్ట వేర్వేరు ఒళ్ళ మీద ఎలా ఉంటుందో చూపించడం ఒకటి, ఒకే ఒంటి మీద ఆ బట్ట వేర్వేరు సైజులు ఎలా ఉంటాయో చూపించడం ఇంకొకటి. కొనేవాళ్ళకు మీట నొక్కేముందు కావలసింది రెండోది.

దానికి కావలసిన డేటా ఎలాంటిదో తెలియనిదీ కాదు. 2020లో సైజర్ అనే సేకరణ ఒకటి వచ్చింది. వంద మందికి ఒకే రకం బట్టలను వేర్వేరు సైజుల్లో తొడిగించి, ఒంటి చుట్టూ త్రీడీ స్కానింగు చేశారు. వచ్చినవి సుమారు రెండు వేల స్కాన్లు. కుదరని బట్ట ఎలా ఉంటుందో నేర్పాలంటే కుదరని బట్టను మనుషులకు తొడిగించి కొలవాల్సిందే. అది వెబ్‌సైట్లలో దొరకదు, ఎందుకంటే కుదరని బట్ట ఫొటోను ఏ దుకాణమూ పెట్టదు. డేటా పెరిగితే సర్దుకుంటుందనేవారు ఈ మాటకు జవాబు చెప్పాలి. పోగవుతున్నదంతా కుదిరిన ఫొటోలే అయితే, కోటి చూసినా పాఠం అదే కదా!

ఇక గుడ్డ జారే తీరు. ఇప్పటి ట్రై-ఆన్ బొమ్మల్లో అందరూ మెచ్చుకునేది దీన్నే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. గుడ్డ ఎలా వాలుతుందో జౌళి పరీక్షశాలల్లో ఎన్నో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. కసిక్ పరికరం మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి గుడ్డ ముక్కను 18 సెంటీమీటర్ల బిళ్ళ మీద పరుస్తారు. బయటికి మిగిలిన అంచు కిందికి వాలుతుంది. వెలుగు పంపి, ఆ వాలిన అంచు నీడ ఎంత మేర పడిందో కొలుస్తారు. గంజి పెట్టిన కాటన్ గొడుగులా నిలబడి పెద్ద నీడ వేస్తుంది. జార్జెట్ మెత్తగా కూలి చిన్న నీడ వేస్తుంది. జపాన్‌కు చెందిన కవాబాతా రూపొందించిన పరికరాలు ఇంకా లోతుకు వెళ్ళి, గుడ్డ వంగడానికి ఎంత బలం కావాలో, పక్కకు లాగితే ఎంత జరుగుతుందో అంకెల్లో చెబుతాయి. 1994లోనే అమెరికా పరిశోధకులు ఆ అంకెలను కంప్యూటర్‌కు ఇచ్చి నేత గుడ్డ ఎలా వాలుతుందో ముందుగా లెక్కగట్టి చూపించారు. అంటే గుడ్డ వాలును నిజంగా లెక్కించే దారి ముప్పై ఏళ్ళ క్రితమే ఉంది. ఇప్పటి ట్రై-ఆన్ ఆ దారిన నడవడం లేదు. దానికి గుడ్డ బరువు తెలియదు, వంపు తెలియదు. రంగు, మెరుపు చూసి, ఇలా మెరిసేవి తాను చూసిన ఫొటోల్లో ఎలా జారాయో అలాగే గీస్తుంది.

గద్వాల చీర తీసుకోండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కుప్పడం పద్ధతిలో నేతలోనే కలుపుతారు. జరీ ఉన్న పట్టు అంచు బరువుగా ఉంటుంది, మధ్యలోని నూలు తేలిగ్గా ఉంటుంది. అందుకే కుచ్చిళ్ళు కింద బరువుతో నిలబడి, పైన కాస్త ఉబ్బుతాయి. ఆ చీర కట్టిన ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. కుచ్చిళ్ళు ఉబ్బకుండా అణచుకోవడం ఒక విద్య. ఐదున్నర మీటర్ల ఆ చీరను అమ్మకానికి మడతపెట్టి ఫొటో తీస్తే, కనిపించేది కొంగూ జానెడు అంచూ. మిగిలినదంతా యంత్రం ఊహించుకోవాలి. ఊహించి, జార్జెట్ చీరలా ఒంటికి అతుక్కుని జారే గద్వాల చీరను గీస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కొన్న చీర అలా నిలబడనప్పుడు తప్పు పడేది ఎవరి మీద? నేతగాడి మీద. "బొమ్మలో ఉన్నట్టు లేదు" అంటారు. మగ్గం నేసిన గుణాన్నే లోపంగా చూపించే బొమ్మ ఇది.

కొనేవాళ్ళకు అంత కచ్చితత్వం అక్కర్లేదు, ఒక అందాజా దొరికితే చాలనేవారూ ఉన్నారు. రంగు తమ ఒంటికి నప్పుతుందా, మెడ లోతు సరిపోతుందా, పెద్ద పూల ప్రింటు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుందా, ఇలాంటివాటికి ఈ బొమ్మలు పనికొస్తాయి. వాటిని తీసేయమని నేను అనను. నా అభ్యంతరం వాటిని పెట్టిన చోటు మీద, వాటికి పెట్టిన పేరు మీద. సైజు ఎంచుకునే మీట పక్కనే "తొడుక్కుని చూడండి" అని రాస్తే, చదివినవారు అది సైజుకు జవాబు అనుకోవడం వాళ్ళ తప్పు కాదు. అనుమానమున్న మనిషి సైజు పట్టిక తెరిచి, టేపు తెచ్చి కొలుచుకునేవారు. బొమ్మలో కుదిరిన బట్టను చూశాక ఆ అనుమానం పోయి, కొలవడమూ పోతుంది. ఈవిడ విషయంలో జరిగింది అదే. "బొమ్మ చూశాను కదా అని పట్టిక చూడలేదండీ" అన్నారు.

సైజు చూపించాలనుకునే దుకాణానికి దారి లేకపోలేదు. ప్యాటర్న్ ముక్కలు సెంటీమీటర్లలో ఉంటాయి. క్లో లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో వాటిని కొలతలతో తయారైన ఒంటి బొమ్మ మీద కుట్టి, గుడ్డ బరువూ వంపూ కొలిచి ఇస్తే, ఎక్కడ బిగుసుకుంటుందో రంగుల్లో చూపిస్తుంది. అది కొలతతో మొదలవుతుంది కాబట్టి కొలతతోనే జవాబిస్తుంది. ఖర్చు ఎక్కువే, మాలాంటి చిన్న యూనిట్లు ప్రతి డిజైనుకూ చేయలేవు. ఎవరి ఒంటి కొలతలు పెట్టాలన్నదీ ఉంది. మన దేశపు కొలతల కోసం నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ సర్వేలో స్కానింగుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అలాంటి అంకెల మీద ఒంటి బొమ్మలు తయారైతే ఐదడుగుల మనిషి కూడా లెక్కలోకి వస్తుంది.

అంతవరకూ చేయగలిగింది చాలా చిన్నది. బట్టను బల్ల మీద పరిచి కొలిచిన చెస్ట్, నడుము, హిప్, పొడవు, స్లిట్ మొదలయ్యే దూరం ప్రతి సైజుకూ రాయాలి. మోడల్ ఎత్తు, వేసుకున్న సైజు రాయాలి. పిన్నులు పెట్టకుండా ఒక్క ఫొటో అయినా, వెనక నుంచి కూడా తీయాలి. ట్రై-ఆన్ బొమ్మ ఉంచాలనుకుంటే, అది సైజు చెప్పదని ఆ బొమ్మ మీదే తెలుగులో రాయాలి. దుకాణం ఈ మాట రాయకపోతే పట్టుకునే దారి కొనేవారికీ ఉంది. అదే బట్టను ఎస్‌లో ఒకసారి, ఎక్స్‌ఎక్స్‌ఎల్‌లో ఒకసారి వేయించి చూడండి. కురచ మనిషి ఫొటో ఒకటి, పొడుగు మనిషి ఫొటో ఒకటి ఇచ్చి, అంచు ఎక్కడ ఆగిందో పోల్చండి. రెండింటిలోనూ ఒకే చోట ఆగితే, ఆ బొమ్మ సైజు సంగతి ఏమీ చెప్పడం లేదు.

ఆవిడకు మాస్టర్ గారే ఫోన్ చేశారు. "అమ్మా, మీకు బాగా కుదిరే పాత కుర్తీ ఒకటి మంచం మీద పరిచి, పిరుదుల దగ్గర అడ్డంగా కొలవండి" అన్నారు. ఇరవై రెండున్నర వచ్చింది, అంటే చుట్టూ 45. మా ఎక్స్‌ఎల్ హిప్ 45. దాని పక్క కుట్టును మూడు అంగుళాలు విప్పి స్లిట్‌ను పైకి తెచ్చారు, కింద ఐదు అంగుళాలు లోపలికి మడిచి కుట్టారు, పార్శిల్ కట్టించారు. అది మాత్రం తిరిగి రాలేదు.